ఫొటోకు నంబరు ఎవరివ్వాలి?

2011లో ఇన్‌స్టాగ్రామ్ ఇంకా చిన్న కంపెనీయే. ఫేస్‌బుక్ దాన్ని కొన్నది ఆ మరుసటి ఏడాది. అయినా అప్పటికే సెకనుకు 25కు పైగా ఫొటోలు, 90కి పైగా లైకులు వచ్చి పడుతున్నాయని ఆ కంపెనీ ఇంజినీర్లు రాశారు. అంత డేటాను ఒకే డేటాబేస్‌లో ఉంచితే పని నడవదు. ముక్కలు చేసి వేర్వేరు సర్వర్లకు పంచాలి. ఈ పంపకాన్నే షార్డింగ్ అంటారు, ఒక్కో ముక్కను షార్డ్ అంటారు. పంపకం మొదలుపెట్టగానే వాళ్లకు ఒక ప్రశ్న ఎదురైంది. కొత్తగా వచ్చిన ఫొటోకు నంబరు ఎవరివ్వాలి?

డేటాబేస్‌లో ప్రతి రికార్డుకూ ఒక గుర్తింపు ఉంటుంది. ఏ రెండింటికీ అది ఒకటే కాకూడదు. దాన్ని ప్రైమరీ కీ అంటారు. ఒక ఫొటో కీ ఆ ఫొటో రికార్డుతోనే ఆగదు. దాని కింద పడ్డ ప్రతి లైకులో, ప్రతి కామెంటులో, పంచుకున్న ప్రతి లింకులో ఆ నంబరే ఉంటుంది. అందుకే కీ రకాన్ని తర్వాత మార్చుకుందామనుకుంటే కుదరదు, మొత్తం వ్యవస్థను తవ్వి పోయాల్సి వస్తుంది.

ముందున్న దారులు మూడు. వరసగా అంకెలు ఇచ్చుకుంటూ పోవడం ఒకటి. ఎవరినీ అడగకుండా ర్యాండమ్‌గా ఒక పెద్ద సంఖ్య పుట్టించుకోవడం రెండోది. సమయాన్నే నంబరులో ఇమిడ్చడం మూడోది.

ఒకటి, రెండు, మూడు

ఒక్క డేటాబేస్ ఉన్నంతకాలం మొదటి దారిని మించింది లేదు. టేబుల్‌కు ఒక కౌంటర్ ఉంటుంది. కొత్త రికార్డు రాగానే అది ఒక అంకె పెరుగుతుంది. దీని పేరు ఆటో ఇంక్రిమెంట్. నంబరు చిన్నది, 8 బైట్లు చాలు. చదవడానికి సులువు, ఫోన్లో చెప్పడానికీ సులువు.

షార్డులు రెండయ్యాయంటే కౌంటర్లు కూడా రెండవుతాయి. మొదటి షార్డ్‌లో 501వ ఫొటో ఉంటుంది, రెండో షార్డ్‌లోనూ 501వ ఫొటో ఉంటుంది. ‘501కి లైకు’ అన్న రికార్డు చూస్తే అది ఏ ఫొటోకో తెలియదు. రేపు రెండు షార్డులను కలపాలంటే నంబర్లు ఢీకొంటాయి.

దీనికి ఫొటోల సైటు ఫ్లికర్ ఒక ఉపాయం చేసింది. నంబర్లు ఇవ్వడానికే రెండు మైఎస్‌క్యూఎల్ సర్వర్లు పెట్టింది. ఒకటి బేసి సంఖ్యలిస్తుంది, రెండోది సరి సంఖ్యలిస్తుంది. ఒకటి పడిపోయినా రెండోది పని నడిపిస్తుంది. ఒకవైపు అంకెలు కొంచెం ముందుకు పోయినా నష్టం లేదు. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి రెండు సెట్టింగులు చాలు:

```
auto_increment_increment = 2
auto_increment_offset    = 1
```

రెండో సర్వర్‌లో ఆఫ్‌సెట్ 2 అని పెడతారు. చూడ్డానికి సాదాగా ఉన్నా ఫ్లికర్‌ను ఇది ఏళ్ల తరబడి మోసింది. కాకపోతే ప్రతి కొత్త రికార్డుకూ ముందు నంబర్ల సర్వర్ దాకా వెళ్లి రావాలి. వ్యవస్థ మొత్తం ఆ రెండు సర్వర్ల ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. వాటిని వదిలేసి ప్రతి షార్డ్‌లోనే ఈ సెట్టింగు పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు నాలుగు షార్డులుంటే నాలుగేసి అంకెల అంగ వేయాలి. ఐదో షార్డ్ వచ్చిన రోజు అన్నిటి అంగా మార్చాలి. ఆ మార్పు మధ్యలో ఒక్క షార్డ్ పాత అంగతో మిగిలిపోయినా నంబర్లు ఢీకొంటాయి.

ఎవరినీ అడగనక్కర్లేని నంబరు

రెండో దారిలో ఈ తంటాలేవీ లేవు. యూయూఐడీ అనేది 128 బిట్ల సంఖ్య. దాని నాలుగో రకంలో 122 బిట్లు పూర్తిగా ర్యాండమ్. ఏ సర్వరైనా, ఆఖరికి యూజర్ ఫోనైనా దాన్ని సొంతంగా తయారు చేసుకోగలదు. రెండు ఒకటే అయిపోతాయేమో అన్న భయం అక్కర్లేదు. సెకనుకు 100 కోట్ల చొప్పున దాదాపు 86 ఏళ్లు తయారు చేస్తూ పోతే గానీ, వాటిలో ఒక్క జతైనా కలిసే అవకాశం సగానికి చేరదు. నిజంగా కలిశాయంటే ర్యాండమ్ సంఖ్యలు పుట్టించే ప్రోగ్రాములోనే లోపం ఉన్నట్టు.

ఇందులో ఇంకో మేలుంది. రికార్డు డేటాబేస్‌కు చేరకముందే దాని నంబరు చేతిలో ఉంటుంది. నెట్ తెగిపోయి ఫోను అదే ఫొటోను రెండోసారి పంపినా, నంబరు ఒకటే కాబట్టి డేటాబేస్ రెండో కాపీని తిరస్కరిస్తుంది.

మరి చిక్కెక్కడ? డేటాబేస్ కీలను ఎలా దాస్తుందో చూస్తే తెలుస్తుంది. పెళ్లిలో చదివింపుల పుస్తకం రాసేవాళ్లను చూడండి. వచ్చినవాళ్లను వచ్చిన వరసలో రాసుకుపోతే ఎప్పుడూ చివరి పేజీయే తెరిచి ఉంటుంది. పేర్లను అక్షరక్రమంలో రాయమంటే మాత్రం ఒక్కో పేరుకూ ఒక్కో పేజీ తిప్పాలి. నిండిన పేజీలో కొత్త పేరు ఇరికించాలంటే ఆ పేజీని రెండుగా చీల్చి మళ్లీ రాయాలి. డేటాబేస్ ఇండెక్స్ ఎప్పుడూ క్రమంలోనే ఉంటుంది. వరస నంబర్లొస్తే చివరి పేజీలో చేరిపోతాయి. ర్యాండమ్ నంబర్లు ఏ పేజీలోనైనా పడతాయి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లెక్క వేసి చూద్దాం. అందులో ఇండెక్స్ పేజీ 8 కిలోబైట్లు. ఒక టేబుల్‌లో 10 కోట్ల రికార్డులున్నాయి, కీ ర్యాండమ్ యూయూఐడీ. ఇండెక్స్‌లో ఒక్కో కీకి అటూ ఇటూ కలిపి 28 బైట్లు పడుతుంది. పేజీలు చీలిపోతూ ఉండటం వల్ల సగటున 70 శాతం దాకానే నిండుతాయి. అంటే పేజీకి దాదాపు 200 కీలు, మొత్తం సుమారు 5 లక్షల పేజీలు, 4 జీబీ ఇండెక్స్. ఇప్పుడు 1 లక్ష కొత్త రికార్డులు వచ్చాయనుకోండి. అవి 5 లక్షల పేజీల మీద చెల్లాచెదురుగా పడితే దాదాపు 90 వేల వేర్వేరు పేజీలను తాకుతాయి. అదే కీలు వరసలో వచ్చి ఉంటే 400 పేజీల్లోపే సర్దుకునేవి.

తాకిన ప్రతి పేజీనీ మెమరీలోకి తేవాలి, మార్చాలి, మళ్లీ డిస్కు మీద రాయాలి. పైగా కరెంటు పోయినా డేటా పోకూడదని పోస్ట్‌గ్రెస్ ఒక జాగ్రత్త తీసుకుంటుంది. ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు ఆ పేజీ మొత్తాన్ని లాగ్‌లో రాసుకుంటుంది. 400 పేజీలకైతే ఇది పెద్ద భారం కాదు. 90 వేల పేజీలకైతే లాగ్ వందల మెగాబైట్లు ఉబ్బుతుంది.

ఈ జబ్బు మొదట్లో బయటపడదు. ఇండెక్స్ మొత్తం మెమరీలో పట్టినంతకాలం అంతా సాఫీగా ఉంటుంది. పరీక్షల కోసం లక్ష రికార్డులతో నడిపి చూసినవాళ్లకు తేడాయే కనిపించదు. ఇండెక్స్ మెమరీని దాటిన నాటి నుంచి రాసే వేగం పడిపోతూ వస్తుంది. గుర్తు పట్టడానికి ఒక ఆనవాలుంది. కొత్త రికార్డులు చేర్చడం తప్ప వేరే పనేమీ లేని సమయంలో కూడా డిస్కు నుంచి చదవడం ఎక్కువగా కనిపిస్తుంటే అనుమానించాలి. పోస్ట్‌గ్రెస్‌లో `pgstatindex` అనే ఫంక్షన్ ఇండెక్స్ పేజీలు ఎంత నిండాయో చెబుతుంది. తొలగింపులు పెద్దగా లేని టేబుల్‌లో `avg_leaf_density` 90 దగ్గర ఉండాల్సింది 70కి దిగిందంటే కీలు క్రమం లేకుండా వస్తున్నట్టు.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు ఇంకో ఖర్చుంది. అక్కడ రికార్డులే ప్రైమరీ కీ వరసలో ఉంటాయి. మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీ కాపీ ఒకటి ఉంటుంది. అదే 10 కోట్ల రికార్డులకు మరో 5 ఇండెక్స్‌లు ఉంటే కీ కాపీలు ఆరు. 8 బైట్ల కీ అయితే ఈ కాపీలకు 4.8 జీబీ చాలు. యూయూఐడీని 16 బైట్ల సంఖ్యగా దాస్తే 9.6 జీబీ. చాలామంది చేసినట్టు గీతలతో సహా 36 అక్షరాలుగా దాస్తే 21.6 జీబీ. యూయూఐడీ వాడక తప్పదనుకున్నా, అక్షరాలుగా మాత్రం దాచకూడదు.

సమయమే నంబరైతే

ఇన్‌స్టాగ్రామ్ బృందం తమకు కావలసినవి ముందే రాసిపెట్టుకుంది. నంబరు చూడగానే ఫొటోలను కాలక్రమంలో పేర్చగలగాలి. 64 బిట్లలోనే ఇమడాలి. కొత్తగా కాపలా కాయాల్సిన సర్వర్లు వీలైనంత తక్కువ ఉండాలి. ట్విటర్ 2010లో స్నోఫ్లేక్ అనే నంబర్ల సర్వీసును బయటపెట్టింది. అందులో 41 బిట్లు సమయానికి, 10 బిట్లు యంత్రానికి, 12 బిట్లు ఆ మిల్లీసెకనులో వరస సంఖ్యకు. ఆలోచన నచ్చినా, దాని కోసం విడిగా సర్వర్లు నడపాలి. అందుకని ఇన్‌స్టాగ్రామ్ ఆ ఆలోచనను తీసుకుని, నంబరు తయారీని పోస్ట్‌గ్రెస్ షార్డ్ లోపలే పెట్టింది.

వాళ్ల నంబరులో మూడు భాగాలు. పైన 41 బిట్లలో, తాము ఎంచుకున్న ఒక తేదీ నుంచి గడిచిన మిల్లీసెకన్లు. ఇవి 69 ఏళ్లకు పైగా సరిపోతాయి. మధ్యలో 13 బిట్లలో షార్డ్ నంబరు, అంటే 8,192 షార్డుల దాకా వీలు. కింద 10 బిట్లలో ఆ షార్డ్‌లోని మామూలు ఆటో ఇంక్రిమెంట్ కౌంటర్‌ను 1024తో భాగించగా మిగిలిన శేషం. దీనివల్ల ఒక్కో షార్డ్ మిల్లీసెకనుకు 1,024 నంబర్లు ఇవ్వగలదు.

```sql
id := (now_ms - epoch_ms) << 23;
id := id | (shard_id << 10);
id := id | (nextval('photo_seq') % 1024);
```

ఒక నంబరు కట్టి చూద్దాం. మన లెక్క మొదలైన తేదీకి సరిగ్గా 100 రోజులైంది. అంటే 864 కోట్ల మిల్లీసెకన్లు. ఫొటో పెట్టిన యూజర్ నంబరు 48,765. షార్డులు 2,000 అనుకుంటే 48,765ను 2,000తో భాగిస్తే శేషం 765. అదే ఆయన షార్డ్. కౌంటర్ 7,001 దగ్గర ఉంది, 1024తో భాగిస్తే శేషం 857. మూడూ కలిపితే వచ్చే నంబరు ఇది:

```
8640000000 * 8388608 + 765 * 1024 + 857
= 72477573120784217
```

ఈ నంబరు ఎవరి చేతికి వచ్చినా చాలు, ఫొటో ఏ షార్డ్‌లో ఉందో ఎక్కడా వెతకనక్కర్లేదు. `(id >> 10) & 8191` అంటే 765 వస్తుంది. ఆ 2,000 షార్డులకు 2,000 యంత్రాలు ఉండాలనేమీ లేదు. తర్కంలో మాత్రమే ఉన్న షార్డులు అవి. మొదట్లో కొద్ది సర్వర్లలోనే సర్దుకుంటాయి, డేటా పెరిగినకొద్దీ కొన్నిటిని కొత్త సర్వర్‌కు తరలిస్తారు. నంబర్లు మాత్రం మారవు. ఫ్లికర్ పద్ధతిని షార్డుల లోపల పెడితే ఐదో షార్డ్ రోజున వచ్చే చిక్కు ఇక్కడ రాదు.

64 బిట్ల పట్టింపు లేనివాళ్లకు ఇప్పుడు ఇంకా తేలిక దారి ఉంది. 2024 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ ప్రమాణం యూయూఐడీకి ఏడో రకాన్ని చేర్చింది. అందులో మొదటి 48 బిట్లు 1970 నుంచి గడిచిన మిల్లీసెకన్లు. రకాన్ని తెలిపే కొద్ది బిట్లు పోగా మిగిలిన 74 బిట్లను ర్యాండమ్‌గా నింపుకోవచ్చు. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లో `uuidv7()` అంటే చాలు, వచ్చేస్తుంది. ఉదాహరణకు ఇది చూడండి:

```
01941f29-7c00-7a3e-9c41-5d2e8b7f1064
```

మొదటి పన్నెండు అక్షరాలు `01941f297c00`. మామూలు అంకెల్లోకి మారిస్తే 1735689600000. మన గడియారంలో 2025 జనవరి 1 ఉదయం 5:30 గంటలు. ఎవరినీ అడగకుండా పుట్టింది, అయినా కాలక్రమంలో ఉంది. ఇండెక్స్‌లో చివరి పేజీల్లోనే చేరుతుంది.

వరస ఎక్కడ బెడిసికొడుతుంది?

ఇంతవరకూ చదివినవారికి మూడో దారే అన్ని చోట్లా మంచిదనిపించవచ్చు. షార్డులున్న వ్యవస్థలో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

ఇన్‌స్టాగ్రామ్ డేటాను పంచింది యూజర్ నంబరును బట్టి. కాలక్రమం షార్డ్ లోపల మాత్రమే పనిచేస్తుంది. ఒకే క్షణంలో వచ్చిన ఫొటోలు ఎవరివి వారి షార్డ్‌లకు వెళ్లి, అక్కడ చివరి పేజీలో చేరతాయి. భారం అందరి మీదా సమానంగా పడుతుంది.

గూగుల్ స్పానర్ లాంటి డేటాబేస్‌లు డేటాను ప్రైమరీ కీ పరిధులను బట్టి పంచుతాయి. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఈ సర్వర్, ఆ తర్వాతివి ఇంకో సర్వర్ అన్నట్టు. అక్కడ కీ సమయంతో మొదలైతే కొత్తవన్నీ చివరి పరిధిలోనే పడతాయి. వంద సర్వర్లున్నా రాసే పనంతా ఒక్కదాని నెత్తిన పడుతుంది, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. అందుకే స్పానర్ వాడకందార్లకు గూగుల్ చెప్పే సలహా ఏమిటంటే, పెరుగుతూ పోయే సంఖ్యను కీకి మొదట్లో పెట్టవద్దని. ర్యాండమ్ యూయూఐడీ గానీ, బిట్లను వెనక్కి తిప్పిన వరస సంఖ్య గానీ వాడమంటుంది. ఒక్క సర్వర్ లోపల చేటు చేసిన ర్యాండమ్ గుణమే ఇక్కడ మేలు చేస్తుంది. కాబట్టి కీ రకం తేల్చేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: డేటాను దేన్ని బట్టి పంచుతున్నాం?

దీనికి తోడు ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. స్నోఫ్లేక్ నంబరును 16తో భాగించి, శేషాన్ని బట్టి షార్డ్ ఎంచుకుంటారు. స్నోఫ్లేక్‌లో అట్టడుగు బిట్లలోని వరస సంఖ్య కొత్త మిల్లీసెకను రాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రద్దీ తక్కువున్న సర్వీసులో మిల్లీసెకనుకు ఒక్క రికార్డు కూడా రాదు. అంటే దాదాపు ప్రతి నంబరూ సున్నాతోనే ముగుస్తుంది, రికార్డులన్నీ ఒకే షార్డ్‌కు పోతాయి. ఒక షార్డ్ నిండిపోతూ మిగతావి ఖాళీగా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. మొత్తం నంబరును హ్యాష్ చేసి, ఆ ఫలితాన్ని బట్టి పంచితే సరిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ కౌంటర్ సున్నాకు తిరిగి రాకుండా సాగుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

గడియారాలనూ గుడ్డిగా నమ్మకూడదు. సర్వర్ల గడియారాల మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా మామూలే. సర్దుబాటులో ఒక గడియారం వెనక్కి జరిగితే పాత నంబరే మళ్లీ పుట్టవచ్చు. అందుకే గడియారం వెనక్కి పోయిందని గుర్తించగానే స్నోఫ్లేక్ నంబర్లివ్వడం ఆపేస్తుంది, సమయం పాత చోటికి వచ్చాకే మళ్లీ ఇస్తుంది. ఇలాంటి నంబర్లు కాలక్రమానికి దగ్గరగా ఉంటాయి తప్ప అచ్చంగా అదే క్రమం కాదు. వేలంపాటలో ఎవరు ముందు పాడారో, ఆఖరి టికెట్టు ఎవరిదో తేల్చడానికి వీటిని సాక్ష్యంగా తీసుకోకూడదు.

నంబరు బయటికి వెళ్లాక

మనం కట్టిన నంబరు 72477573120784217ను బ్రౌజర్‌కు మామూలు సంఖ్యగా పంపితే 72477573120784220గా మారిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలు 9007199254740991 దాకానే నమ్మకంగా ఉంటాయి, అది దాటితే చివరి అంకెలు సర్దుకుపోతాయి. యూజర్ ఒక ఫొటో నొక్కితే ‘దొరకలేదు’ అని వస్తుంది, లేదా వేరే ఫొటో తెరుచుకుంటుంది. సర్వర్ లాగుల్లో తప్పేమీ కనిపించదు. ట్విటర్ తన నంబర్లతో పాటు `id_str` అని అక్షరాల రూపం కూడా పంపడం మొదలుపెట్టింది ఇందుకే. 64 బిట్ల కీ వాడేవాళ్లు మొదటి రోజు నుంచే దాన్ని బయటికి అక్షరాలుగా పంపాలి.

నంబరు కొన్ని సంగతులు బయటపెడుతుంది కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ట్యాంకుల తయారీ ఎంతో గూఢచారులు ఒక అంచనా వేశారు. పట్టుబడ్డ ట్యాంకుల మీది వరస సంఖ్యలను బట్టి మిత్రరాజ్యాల గణాంక నిపుణులు మరో అంచనా వేశారు. 1942 ఆగస్టుకు గూఢచారుల లెక్క 1,550. నిపుణుల లెక్క 327. యుద్ధం తర్వాత జర్మన్ రికార్డుల్లో తేలింది 342. లింకులో కనిపించే ఆర్డర్ నంబరు వరసగా పెరుగుతుంటే, పోటీ వ్యాపారి ఈరోజు ఒక ఆర్డరు, రేపు ఒక ఆర్డరు పెట్టి మధ్య తేడా చూస్తే చాలు, మీ రోజు అమ్మకాలు అతని చేతిలో ఉంటాయి. సమయం ఇమిడిన నంబరు అమ్మకాల లెక్క చెప్పదు గానీ, రికార్డు పుట్టిన ఘడియను మిల్లీసెకనుతో సహా చెబుతుంది. ఒక రోగి రిజిస్టరైన సమయమో, ఫిర్యాదు అందిన సమయమో బయటపడకూడని చోట లోపలి కీ ఒకటి, బయటికి చూపే ర్యాండమ్ గుర్తింపు ఇంకొకటి పెట్టుకోవాలి. ఊహించలేని నంబరు ఉన్నంతమాత్రాన తాళం వేసినట్టు కాదు. అడిగిన మనిషికి ఆ రికార్డు చూసే హక్కుందో లేదో ప్రతిసారీ సరిచూడాల్సిందే.

ఏది ఎక్కడ

ఒకే డేటాబేస్‌తో నడిచే, ముందు ముందూ అలాగే నడిచే వ్యవస్థకు 8 బైట్ల ఆటో ఇంక్రిమెంట్ చాలు. 4 బైట్లది మాత్రం వద్దు, అది 214 కోట్ల చిల్లర దగ్గర ఆగిపోతుంది.

యూజర్‌ను బట్టో, దుకాణాన్ని బట్టో పంచిన షార్డులుంటే సమయంతో మొదలయ్యే కీ ఎంచుకోవాలి. నంబరును చూసి షార్డ్ తెలియాలన్నా, కీ చిన్నదిగా ఉండాలన్నా ఇన్‌స్టాగ్రామ్ తరహా 64 బిట్లది. షార్డ్ నంబర్లు కేటాయించే బాధ్యత వద్దనుకుంటే, ఫోన్లలోనే కీలు పుట్టాలనుకుంటే యూయూఐడీ ఏడో రకం, 16 బైట్లుగా దాచుకుని.

కీ పరిధులను బట్టి డేటాను పంచే డేటాబేస్ అయితే ర్యాండమ్ కీ. లేదా ముందు యూజర్ నంబరు, ఆ తర్వాత సమయం ఉండే జంట కీ. రెండోదైతే ఒక యూజర్ ఫొటోలన్నీ ఒకచోటే వరసలో ఉంటాయి, యూజర్లు మాత్రం అన్ని సర్వర్ల మీదా పరుచుకుంటారు.

ఇన్‌స్టాగ్రామ్ నంబరును మళ్లీ ఒకసారి చూస్తే అందులో ఆటో ఇంక్రిమెంట్ కౌంటర్ కూడా ఉంది, అది షార్డ్ లోపలికే పరిమితమైంది. షార్డ్ నంబరు ఉంది కాబట్టి ఎవరినీ అడగనక్కర్లేదు. సమయం ముందుంది కాబట్టి పేజీలు చెదరవు. ప్రతి భాగాన్నీ అది పనికొచ్చే చోటే వాడారు. ఎవరైనా చేయాల్సింది అదే: డేటా ఎలా పంచబడుతుంది, ఇండెక్స్ మెమరీలో ఎంతకాలం పడుతుంది, నంబరు ఎవరి కంట పడుతుంది అన్న మూడింటికి జవాబు రాసుకున్నాకే టేబుల్‌కు మొదటి కీ పెట్టాలి.